చీజ్ పొడిలో ఎంజైమ్, రంగులో జెలటిన్: శాకాహార ముద్రకూ హలాల్ పత్రానికీ ఏ ఆధారాలు అడగాలి?

సుధారాణి

అందరికీ నమస్కారం. చిరుతిళ్ల మీద చల్లే సీజనింగ్ పొడులు తయారుచేసే సంస్థలో నాణ్యత విభాగం చూస్తున్నాను. చీజ్ రుచి గల ఒక పొడికి శాకాహార ముద్ర, హలాల్ ధ్రువపత్రం రెండూ కావాలని కొనుగోలుదారు కోరారు. అందులో నాకు అనుమానం ఉన్న పదార్థాలు మూడు. 100 కిలోల పొడిలో చీజ్ పొడి 20 కిలోలు, రుచి పెంచడానికి ఎంజైమ్‌తో మార్చిన చీజ్ గుజ్జును ఆరబెట్టిన పొడి 4 కిలోలు, 1 శాతం బీటా కెరోటిన్ ఉన్న రంగు పొడి 100 గ్రాములు పడతాయి.

సరఫరాదారుల నుంచి వచ్చిన కాగితాలు ఇవి. పాలను విరిచే ఎంజైమ్ గురించి చీజ్ పొడి వారు "దూడ రెన్నెట్ వాడలేదు" అని రాశారు. ఎంజైమ్ చీజ్ వారు ఒక హలాల్ పత్రం జతచేశారు. రంగు వారు "పంది సంబంధిత పదార్థం లేదు" అని ఒక్క వాక్యం రాసి సంతకం చేశారు. వీటికి తోడుగా తయారైన సీజనింగ్‌ను మేమే ప్రయోగశాలకు పంపాము. "పంది డీఎన్ఏ కనబడలేదు, గుర్తింపు పరిమితి 0.1 శాతం" అని నివేదిక వచ్చింది. ఈ నాలుగు కాగితాలతో దరఖాస్తు పెట్టవచ్చునా? ఆడిటర్ ఎక్కడ ఆపుతారో ముందే తెలిస్తే సరఫరాదారులను ఇప్పుడే అడగగలను.

వెంకటరమణ

సుధారాణి గారూ, ప్రయోగశాల నివేదిక చేతిలో ఉండగా అంత కంగారు అవసరం లేదనిపిస్తోంది. డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష చాలా సున్నితమైనది. అందులో పంది లేదంటే లేనట్టే. జెలటిన్ గురించి ఇంకా అనుమానం ఉంటే అది ఎ రకమా, బి రకమా అని అడగండి. ఆమ్లంతో తీసినది ఎ రకం, అది పంది చర్మానిది. సున్నంలో నానబెట్టి తీసినది బి రకం, అది పశువుల తోలు, ఎముకలది. సమవిద్యుత్ బిందువు, అంటే దాని నికర విద్యుదావేశం సున్నా అయ్యే పీహెచ్, 7 నుంచి 9 మధ్య ఉంటే ఎ రకం, 5కు దగ్గరగా ఉంటే బి రకం. ఇంతకంటే తేలికైన తనిఖీ మరొకటి లేదు. పైగా జెలటిన్ ఉంటే పదార్థాల జాబితాలో ఇ-441 అనే సంకలిత సంఖ్య కనిపించి తీరాలి కదా. మీ రంగు పొడి జాబితాలో అది లేదంటే జెలటిన్ లేదనే అనుకోవచ్చు.

జహీర్

నేను పదార్థాల తనిఖీ పనిలో ఉన్నాను. వెంకటరమణ గారు ఎ, బి రకాల గురించి చెప్పినది చాలావరకు నిజమే. కానీ దాని ఆధారంగా జంతువు ఏదో తేల్చడం కుదరదు. చేప జెలటిన్‌ను కూడా ఆమ్లంతోనే తీస్తారు, పశువుల ఎముకలకు సైతం కొన్ని కర్మాగారాలు ఆమ్ల పద్ధతినే వాడతాయి. కాబట్టి ఎ రకం అన్నంత మాత్రాన పంది అని నిర్ధారణ కాదు. ఇక బి రకం అని తేలినా హలాల్ ప్రశ్న సగమే తీరుతుంది. ఎందుకంటే పశువు అయినంత మాత్రాన సరిపోదు, దాన్ని షరియా పద్ధతిలో వధించారని చూపాలి. శాకాహార ప్రశ్నకైతే ఏ రకమైనా జవాబు ఒక్కటే.

ఇప్పుడు ఆ పరీక్ష సంగతి చూద్దాం. సుధారాణి గారి అంకెలతోనే లెక్క వేస్తాను. బీటా కెరోటిన్ నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. దాన్ని పొడిగా, నీటిలో కలిసేలా చేయడానికి ఏదో ఒక పొరలో బంధిస్తారు. ఆ పొర జెలటిన్ కావచ్చు, మార్పు చేసిన పిండిపదార్థం కావచ్చు, తుమ్మ బంక కావచ్చు. రంగు పొడిలో జెలటిన్ 30 శాతం ఉందని ఊహించుకుందాం. 100 గ్రాములలో 30 గ్రాములు. అది 100 కిలోల సీజనింగ్‌లో కలిసినప్పుడు 0.03 శాతం అవుతుంది. మీ పరీక్ష గుర్తింపు పరిమితి 0.1 శాతం. అంటే ఆ పొర మొత్తం పంది జెలటినే అయినా, ఆ పరీక్ష "కనబడలేదు" అనే చెప్పే అవకాశం ఎక్కువ. నివేదిక అబద్ధం చెప్పలేదు, మనం తప్పు చోట వెతికాం.

దీనికి మరో చిక్కు తోడవుతుంది. జెలటిన్ తీసే క్రమంలో ఆమ్లం, క్షారం, వేడి అన్నీ డీఎన్ఏను ముక్కలు చేస్తాయి, వడపోతలో మిగిలినది కూడా చాలావరకు పోతుంది. అందువల్ల జెలటిన్ విషయంలో పీసీఆర్ ఫలితం "ఉంది" అని వస్తే విలువైనదే గానీ, "లేదు" అని వస్తే దానిపై భారం మోపకూడదు. జెలటిన్ అంటే ప్రొటీన్ కాబట్టి, దాని పెప్టైడ్ ముక్కలను మాస్ స్పెక్ట్రోమెట్రీతో చూసి పంది, పశువుల కొలాజెన్ల మధ్య తేడా పట్టే పద్ధతి నయం. ఏ పద్ధతి అయినా, తయారైన సీజనింగ్‌ను కాక రంగు పొడినే పంపండి. అక్కడ జెలటిన్ శాతాలలో ఉంటుంది, ఇక్కడ వందల పీపీఎంలో ఉంటుంది.

చివరగా ఆ ఇ-441 గురించి. యూరోపియన్ యూనియన్ జాబితాలో జెలటిన్‌కు సంకలిత సంఖ్యే లేదు. దాన్ని వారు ఆహార పదార్థంగానే చూస్తారు. రంగుకు వాహకంగా వచ్చిన పదార్థం తుది ఆహారంలో ఏ పనీ చేయకపోతే దాన్ని లేబుల్ మీద చూపనవసరం లేని సందర్భాలు ఉంటాయి. ఇంకో విచిత్రం చెబుతాను. యూరోపియన్ యూనియన్ 1169/2011 నియమంలో అలెర్జీ పదార్థాల జాబితా నుంచి, విటమిన్లకూ కెరోటినాయిడ్లకూ వాహకంగా వాడే చేప జెలటిన్‌ను పేరుపెట్టి మినహాయించారు. చేప పడనివారి కోసం రాసిన జాబితాలోనే అది కనబడనవసరం లేదంటే, శాకాహారి లేబుల్ చదివి దాన్ని ఎలా పట్టుకోగలడు?

నస్రీన్

జహీర్ భాయ్, నాదీ ఇదే సమస్య. మా అమ్మగారికి డాక్టర్ విటమిన్ డి మెత్తటి గుళికలు రాశారు. డబ్బా మీద హలాల్ అని లేదు, "గుళిక కవచం: జెలటిన్" అని మాత్రం ఉంది. సంస్థకు ఉత్తరం రాస్తే బి రకం అన్నారు. మీరు చెప్పినదాన్ని బట్టి అది వాడవచ్చునా, వాడకూడదా?

జహీర్

నస్రీన్ బెహన్, ఇక్కడి ప్రశ్న ఒక తయారీదారు ధ్రువపత్రానికి సంబంధించినది, మీది మందుకు సంబంధించినది. రెండింటికీ ప్రమాణాలు వేరు. బి రకం అంటే పశువుది కావడానికి అవకాశం ఎక్కువ అని మాత్రమే, వధ గురించి అందులో ఏమీ లేదు. ఆ సంస్థను "ఏ జంతువు, ఆ జెలటిన్ తయారీదారుకు హలాల్ పత్రం ఉందా" అని రెండు ప్రశ్నలే అడగండి. ఈలోగా మందు ఆపవద్దు. ద్రవ రూపంలో దొరుకుతుందేమో డాక్టర్‌ను అడగండి. చికిత్స అవసరం ఉన్నప్పుడు వర్తించే వెసులుబాటు గురించి మీకు నమ్మకమైన ఆలిమ్ చెప్పాలి, నేను కాదు.

ప్రసాద్

నేను పులియబెట్టి ఎంజైములు తీసే కర్మాగారంలో చాలాకాలంగా ఉన్నాను. అందరూ జెలటిన్ మీద పడ్డారు గానీ, సుధారాణి గారి జాబితాలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ 4 కిలోల ఎంజైమ్ చీజ్ పొడి.

ముందు చీజ్ పొడి సంగతి. పాలను విరిచే ఎంజైమ్ నాలుగు దారుల్లో వస్తుంది. ఒకటి, పాలు తాగే దూడ నాలుగో పొట్ట నుంచి తీసిన అసలు రెన్నెట్. రెండు, రైజోమ్యూకర్ మీహీ అనే బూజు సహజంగా తయారుచేసే ఎంజైమ్. మూడు, దూడ రెన్నెట్‌లో పాలను విరిచే కైమోసిన్ అనే ఎంజైమ్ జన్యువును ఒక సూక్ష్మజీవిలో పెట్టి పులియబెట్టి తీసినది. అమెరికాలో దీనికి 1990లో అనుమతి వచ్చింది. అస్పెర్జిల్లస్ నైజర్, క్లూవెరోమైసిస్ లాక్టిస్ వంటి వాటిలో దీన్ని తయారుచేస్తారు. నాలుగు, కొన్ని మొక్కల నుంచి వచ్చేవి. "దూడ రెన్నెట్ వాడలేదు" అనే వాక్యం ఈ నాలుగింటిలో ఒకదాన్ని మాత్రమే తీసేస్తుంది. ఒక్కోసారి దాన్ని కూడా తీయదు. పెద్ద పశువు పొట్ట నుంచి తీసిన పెప్సిన్ అనే ఎంజైమ్ దూడది కాదు కదా! సరఫరాదారు ఏది లేదో చెబితే సరిపోదు, ఏది వాడారో పేరు చెప్పాలి. ఇంకో మాట. చీజ్ పొడిలో పార్మిజానో రెజ్జానో ఉందని రాసి ఉంటే శాకాహార ప్రశ్న అక్కడితో ముగిసింది. ఆ పేరు పెట్టుకోవాలంటే దూడ రెన్నెట్ వాడాలని దాని నిర్దేశమే చెబుతుంది.

ఇప్పుడు ఎంజైమ్ చీజ్. ఇక్కడ చీజ్‌ను విరిచిన రెన్నెట్ ఒకటి, ఆ తర్వాత రుచి కోసం కలిపిన, కొవ్వును విడగొట్టే లైపేజ్, ప్రొటీన్‌ను విడగొట్టే ప్రోటియేజ్ వేరు. కాగితాలలో తరచుగా మొదటిదాని గురించే రాసి రెండోదాన్ని వదిలేస్తారు. ఆ ఘాటైన వాసన రావడానికి మేకపిల్ల, గొర్రెపిల్ల, దూడల నాలుక మొదట్లో ఉండే గ్రంథుల నుంచి తీసిన లైపేజ్ వాడటం పాత పద్ధతి. అది కొవ్వు నుంచి బ్యుటిరిక్ ఆమ్లం వంటి చిన్న గొలుసు ఆమ్లాలను ఎక్కువగా విడదీస్తుంది. బూజుల నుంచి వచ్చే లైపేజులు చాలావరకు పొడవాటి గొలుసులను కూడా విడదీస్తాయి, మోతాదు మించితే సబ్బు రుచి తగులుతుంది. అందుకే రుచి తయారీదారులు జంతు లైపేజ్‌ను అంత తేలిగ్గా వదలరు. సరఫరాదారు "మేము సూక్ష్మజీవుల లైపేజ్‌కు మారాం" అని ఉత్తరం ఇచ్చి, సరుకు రుచి మాత్రం మునుపటిలాగే ఏ తేడా లేకుండా ఉంటే, నేనైతే వారి ఎంజైమ్ కొనుగోలు రసీదులు అడుగుతాను.

వెంకటరమణ

ప్రసాద్ గారూ, ఇంత లోతుకు వెళ్తే ఏ ఆహారమూ నిలబడదు. చీజ్ పాల పదార్థం. పాల పదార్థాలు శాకాహారమని నిర్వచనంలోనే ఉంటుంది. ఎంజైమ్ కూడా పని పూర్తయ్యాక ఎక్కువ భాగం పాలవిరుగుడు నీటిలో పోతుంది, మిగిలింది వేడికి చచ్చిపోతుంది. లేనిదానికి ఆధారం ఎందుకు?

కరుణాకర్

వెంకటరమణ గారితో నేను ఏకీభవించలేను. నిర్వచనం మినహాయింపు ఇచ్చింది పాలకు, తేనెకు. దూడను చంపి తీసిన పొట్టకు కాదు. పాల పదార్థమనే పేరు కింద ఆ పొట్టను కూడా దాటించవచ్చునా అన్నది ఒక్కో దేశపు నియమంలో ఒక్కోలా ఉండవచ్చు గానీ, శాకాహార ముద్ర ఇచ్చే స్వచ్ఛంద సంస్థలలో చాలావాటికి జంతు రెన్నెట్ అంటే తిరస్కరణే. మిగిలిందా లేదా అన్నది వారు చూడరు. వాడారా లేదా అన్నదే చూస్తారు.

అయితే ప్రసాద్ గారు చెప్పిన మూడో దారి మీద నాకు సందేహం ఉంది. జన్యువు దూడది అయినప్పుడు, అది బూజులో తయారైనంత మాత్రాన శాకాహారం ఎలా అవుతుంది? నేను తినను. నాలాంటివారు ఆ ముద్రను నమ్మి తింటున్నారు.

ప్రసాద్

కరుణాకర్ గారూ, ఇప్పుడు తయారయ్యే ప్రతి విడతకూ దూడ అక్కరలేదు. జన్యు క్రమాన్ని ఎప్పుడో తీసుకున్నారు, తర్వాత నడిచేది సూక్ష్మజీవి ఒక్కటే. అందుకే శాకాహార పథకాలలో అనేకం దీన్ని ఒప్పుకుంటాయి, హలాల్ సంస్థలూ ఒప్పుకుంటాయి. కానీ జన్యుమార్పిడి జీవులను అసలే అంగీకరించని పథకాలు కొన్ని ఉన్నాయి. మీ అభ్యంతరం మీది, దాన్ని కాదనను. ఒక్కటే చెబుతాను. ఏ దారిలో వచ్చిందో కాగితంలో పేరు ఉంటే మీరు తినాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవచ్చు. పేరు లేకుండా "సూక్ష్మజీవుల రెన్నెట్" అని రాస్తే రెండో దారీ మూడో దారీ ఒకే మాట కింద దాక్కుంటాయి.

వెంకటరమణ గారి ప్రశ్నకు నా జవాబు 2001 నాటి ఇండోనేషియా వ్యవహారం. అజినొమోటో సంస్థ అక్కడ మోనోసోడియం గ్లుటమేట్‌ను పులియబెట్టి తయారుచేసేది. అమ్మే పొడిలో పంది లేదు. పులియబెట్టే ముడిసరుకులో లేదు. ఆ బ్యాక్టీరియా మూల సంస్కృతిని నిలవ ఉంచి పెంచే మాధ్యమంలో సోయా ప్రొటీన్‌ను విడగొట్టిన ఒక పెప్టోన్ వాడారు. ఆ సోయాను విడగొట్టడానికి పంది ఎంజైమ్ వాడారు. అంటే తుది పొడికి అది ఎన్నో మెట్ల వెనక ఉంది. అయినా అక్కడి ఉలేమా మండలి అది హరామ్ అని తేల్చింది, సంస్థ సరుకు మొత్తం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అప్పటి అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ తానుగా అది హలాలే అన్నారు, అయినా మండలి నిర్ణయం మారలేదు. తుది పొడిని ఎన్ని పరీక్షలకు పంపినా ఇది దొరికేది కాదు. దీన్ని పట్టగలిగేది మాధ్యమం వంటకం రాసిన కాగితం ఒక్కటే.

కాబట్టి ఎంజైమ్ తయారీదారును మూడు చోట్ల ప్రశ్నించాలి: ఎంజైమ్ చేసే జీవి ఏది, దాన్ని పెంచిన మాధ్యమంలో ఏముంది, అమ్మే సీసాలో ఎంజైమ్‌తో పాటు ఏం కలిపారు. చివరిది కూడా చిన్న విషయం కాదు. ద్రవ ఎంజైములలో తరచుగా గ్లిజరాల్ ఉంటుంది, అది మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతు కొవ్వు నుంచీ రావచ్చు.

జహీర్

ప్రసాద్ గారు చెప్పిన ఉదంతం మా పనిలో చేరిన ప్రతివారికీ మొదట చెప్పేదే. దానికి మత పక్షం నుంచి ఒక మాట కలపాలి. పూర్తిగా వేరే పదార్థంగా మారిపోయినది పవిత్రమవుతుందనే వాదన ఇస్లామీయ ధర్మశాస్త్రమైన ఫిక్హ్‌లో ఉంది, దాన్ని ఇస్తిహాలా అంటారు. హనఫీ, మాలికీ పండితులు దానికి విస్తృతంగా చోటిస్తారు, షాఫియీలు మద్యం తనంతట వెనిగర్ కావడం వంటి కొద్ది సందర్భాలకే పరిమితం చేస్తారు. 1995లో కువైట్‌లో ఇస్లామీయ వైద్యశాస్త్రాల సంస్థ నిర్వహించిన సదస్సు జెలటిన్‌కు దీన్ని వర్తింపజేసింది. అంతకుముందే 1986లో అంతర్జాతీయ ఇస్లామీయ ఫిక్హ్ అకాడమీ పంది జెలటిన్ ఆహారంలో నిషిద్ధమని తీర్మానించింది. చచ్చిన జంతువు పొట్టలోని రెన్నెట్ విషయంలో కూడా ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం ఇతరుల కంటే ఉదారం.

ఈ చర్చలో ఏది సరి అన్నది నేను చెప్పబోను, పండితులే ఏకం కాలేదు. కానీ సరఫరాదారు ఒక ఫత్వా ప్రతి జతచేసి "ఇది రూపాంతరం చెందింది కాబట్టి హలాల్" అంటే, దరఖాస్తు ఏ సంస్థకు పెడుతున్నారో ఆ సంస్థ ప్రమాణమే లెక్కలోకి వస్తుంది. మలేషియా, ఇండోనేషియా మార్గంలో పంది జెలటిన్‌కు ఆ వాదన పనిచేయదు.

సుధారాణి గారూ, ఆ హలాల్ పత్రాన్ని ఒకసారి పక్కన పెట్టుకుని సంచి మీది లేబుల్‌తో పోల్చండి. పత్రంలో ఉన్న కర్మాగారం చిరునామా, సంచి మీది చిరునామా ఒకటేనా? మీ ఉత్పత్తి సంకేతం పత్రానికి జతచేసిన జాబితాలో ఉందా? గడువు దాటిందా? పత్రం ఇచ్చిన సంస్థకు మీ సరుకు వెళ్లే దేశంలో గుర్తింపు ఉందా? మలేషియా ప్రభుత్వ ఇస్లామీయ శాఖ జాకిమ్ తాను గుర్తించిన విదేశీ సంస్థల జాబితాను బహిరంగంగా ఉంచుతుంది. చాలా దరఖాస్తులు జెలటిన్ దగ్గర కాదు, చిరునామా దగ్గర ఆగుతాయి.

సుధారాణి

అందరికీ ధన్యవాదాలు. సరఫరాదారులకు మళ్లీ రాశాను, జవాబులు వచ్చాయి.

రంగు పొడి: పొర చేప జెలటిన్. "పంది సంబంధిత పదార్థం లేదు" అన్న వాక్యం అక్షరాలా నిజమే. కానీ శాకాహార ముద్రకు పనికిరాదు.

ఎంజైమ్ చీజ్: పత్రం అసలు తయారీదారుది, సంచి నింపినది వేరే ఊళ్లో ఉన్న వ్యాపారి. ఆ వ్యాపారి గోదాముకు పత్రం లేదు. లైపేజ్ మేకపిల్లలది అని కూడా తేలింది.

చీజ్ పొడి: క్లూవెరోమైసిస్ లాక్టిస్‌లో తయారైన కైమోసిన్. మాధ్యమం గురించి అడిగితే "వ్యాపార రహస్యం" అన్నారు.

ఇప్పుడు నా సందేహాలు రెండు. చేప జెలటిన్, మేకపిల్ల లైపేజ్ కలిసిన పొడిని ఇంతవరకు మా మిక్సర్‌లోనే కలిపాం. హలాల్ ప్రమాణంలో ఉండే ఏడుసార్ల శుద్ధి మాకు అవసరమా? రెండోది, మాధ్యమం చెప్పనివారిని ఎలా ఒప్పించాలి?

జహీర్

ఏడుసార్ల శుద్ధి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీటితో కడగడం, పంది లేదా కుక్క సంబంధిత తీవ్ర మలినానికి షాఫియీ సంప్రదాయంలో చెప్పినది. మీ దగ్గర అలాంటిది తేలలేదు. చేపకు వధ నియమం లేదు కాబట్టి చేప జెలటిన్ హలాల్ వైపు ఇబ్బంది కాదు. మేకపిల్ల లైపేజ్‌కు వధ ఆధారం తయారీదారు పత్రంలో ఉండి ఉండవచ్చు, కానీ వ్యాపారి మధ్యలో సంచి విప్పాడు కాబట్టి ఆ గొలుసు తెగింది. మిక్సర్‌ను మామూలు తడి శుభ్రతతో కడిగి, ఆరబెట్టి, తేదీతో నమోదు చేయండి. శాకాహార వైపు కూడా ఆడిటర్ అడిగేది ఆ నమోదే. పాత సరుకు మిగిలి ఉంటే ఎరుపు చీటీ అంటించి వేరుగా పెట్టండి, కొత్త వంటకంలో "కొంచెం కలిపి అయిపోగొట్టే" పని మాత్రం చేయవద్దు.

వెంకటరమణ

రంగుకు ప్రత్యామ్నాయం నేను చెప్పగలను. మార్పు చేసిన పిండిపదార్థంలో బంధించిన బీటా కెరోటిన్ దొరుకుతుంది, మేము వాడాం. ఛాయ కొద్దిగా తేడా రావచ్చు, అదే మోతాదుతో మొదలుపెట్టి రంగు కొలిచి సరిచేసుకోండి. అయినా చేప జెలటిన్ 0.03 శాతం కోసం ఇంత శ్రమ అవసరమా అన్న నా అభిప్రాయం మారలేదు.

కరుణాకర్

ఆ 0.03 శాతం తినేవారికి అవసరమే, వెంకటరమణ గారూ.

ప్రసాద్

రహస్యం అన్నవారిని వంటకం మొత్తం అడగకండి. వారు చెప్పరు, చెప్పనవసరం కూడా లేదు. మాధ్యమంలో ఏ నత్రజని మూలం ఎంత వాడారన్నది నిజంగానే వారి పట్టు. మీకు కావలసింది దాని మూలం మాత్రమే. చాలా ఎంజైమ్ సంస్థలు తమ మాధ్యమాన్ని హలాల్ సంస్థకు గోప్యతా ఒప్పందం మీద చూపించి, ఆ ఎంజైమ్‌కే పత్రం తీసుకుంటాయి. అలాంటి పత్రం ఉంటే మీకు వంటకం అక్కరలేదు. లేకపోతే అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్న రాయండి.

శాకాహార పథకాల విషయంలో మాత్రం మాధ్యమం దాకా అందరూ వెళ్లరు. పాల నుంచి తీసిన పెప్టోన్ వాడితే ఒకరికి సరే, మాంసం పెప్టోన్ వాడినా తుది ఎంజైమ్‌లో లేదు కదా అని మరొకరు వదిలేస్తారు. మీరు ఎవరికి దరఖాస్తు పెడుతున్నారో వారినే లిఖితపూర్వకంగా అడగడం తప్ప దీనికి దారి లేదు.

లైపేజ్ విషయానికొస్తే, బూజు లైపేజ్‌తో చేసిన ఎంజైమ్ చీజ్ నమూనాను 4 కిలోల చోట 3 కిలోలు వేసి మొదలుపెట్టండి. ఘాటు తక్కువైందని మోతాదు పెంచుకుంటూ పోతే సబ్బు రుచి వస్తుంది. ఆ లోటును రుచి పదార్థంగా అమ్మే బ్యుటిరిక్ ఆమ్లంతో కొంత పూడ్చవచ్చు. దానికి మళ్లీ మూలం అడగాలనుకోండి.

సుధారాణి

చీజ్ పొడి వారికి ఇలా రాశాను. ఇంకేమైనా మార్చాలంటే చెప్పండి.

"మీ చీజ్‌లో వాడిన కైమోసిన్ తయారీలో, మూల సంస్కృతిని నిలవ ఉంచే దశ నుంచి తుది పులియబెట్టే దశ వరకు, ఏ మాధ్యమంలోనైనా జంతువు నుంచి వచ్చిన పదార్థం గానీ, జంతు ఎంజైమ్‌తో విడగొట్టిన పెప్టోన్ గానీ వాడారా? అవును అయితే ఏ జంతువు? అమ్మకపు రూపంలో కలిపిన గ్లిజరాల్ మూలం ఏది? ఈ జవాబును ఎంజైమ్ తయారీదారు సంతకంతో పంపగలరు."

ప్రసాద్

బాగుంది. "వాడారా" అన్నచోట "వాడుతున్నారా, మార్పు జరిగితే ముందుగా తెలియజేస్తారా" అని చేర్చండి. పెప్టోన్ సరఫరాదారులు మారుతూ ఉంటారు, ఈ సంవత్సరం జవాబు వచ్చే సంవత్సరానికి చెల్లదు. సంతకం కింద తేదీ, ఎంజైమ్ ఉత్పత్తి సంకేతం, కర్మాగారం చిరునామా అడగండి. ఒకే పేరుతో రెండు కర్మాగారాల నుంచి వచ్చే కైమోసిన్లు నేను చూశాను.

జహీర్

ఉత్తరం చీజ్ తయారీదారుకు కాకుండా చీజ్ పొడి వారికే వెళ్తోంది. వారు చీజ్‌ను ఎన్ని చోట్ల నుంచి కొంటున్నారో కూడా అడగండి. ఒక్కో చీజ్‌కు ఒక్కో కైమోసిన్ ఉంటే, మీకు వచ్చిన జవాబు వాటిలో ఒకదానిదే అయి ఉండవచ్చు.